రాత్రి బాయికాడ టార్చి: వెనక తట్టాలా, పవర్ బటన్ నొక్కాలా?

"అన్నా, మాది నర్సంపేట దగ్గర ఊరు. నా ఐఫోన్ 11లో వెనక రెండుసార్లు తడితే టార్చి వెలిగేలా పెట్టుకున్నా. మా బాపు ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా అట్లే పెడదామంటే ఆ సెట్టింగే దొరుకుతలేదు. బాపు రాత్రిపూట మోటర్ పెట్టడానికి బాయికాడికి పోతడు. జేబులోంచి ఫోన్ తీసి, లాక్ తీసి, టార్చి వెతికేసరికి ఇబ్బంది. పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా వస్తుంది, దాన్నే టార్చిగా మార్చొచ్చా? మొన్న తొందరలో నొక్కితే 112కి కాల్ పోయింది. అప్పటి నుంచి ఆ బటన్ ముట్టాలంటేనే భయపడుతున్నడు."

వెనక తట్టే సెట్టింగ్ దొరకకపోవడమే మంచిదైంది. దొరికినా మీ బాపు పనికి అది రాదు. హనుమకొండలో పన్నెండేళ్లుగా ఫోన్ రిపేర్ కౌంటర్ నడుపుతున్నాను. ఇలాంటి షార్ట్‌కట్లు పెట్టించుకున్న పెద్దవాళ్లలో వారం తర్వాత కూడా వాడుతున్నది ఎక్కువగా పవర్ బటన్ పెట్టించుకున్నవాళ్లే. కారణం ఏమిటో మీ ఐఫోన్‌తోనే చూడొచ్చు.

పక్క బటన్ నొక్కి స్క్రీన్ ఆర్పేయండి. ఫోన్‌ను కదపకుండా అలాగే పట్టుకుని వెనక రెండుసార్లు తట్టండి. టార్చి వెలగదు. స్క్రీన్ వెలిగి ఉన్నప్పుడే ఆ తట్టుడును ఫోన్ పట్టించుకుంటుంది. మీకు ఇన్నాళ్లూ ఈ తేడా తెలియకపోవడానికి కారణం, ఐఫోన్‌ను చేతిలోకి ఎత్తగానే స్క్రీన్ దానంతట అదే వెలుగుతుంది. దాన్ని Raise to Wake అంటారు. అంటే మీరు తట్టే ముందే ఫోన్ లేచి కూర్చుంటోంది. బాపు చొక్కా జేబులో, ఫ్లిప్ కవర్‌లో, స్క్రీన్ ఆరిపోయి ఉన్న ఫోన్‌కు ఆ సౌకర్యం ఉండదు.

ఫోన్ వెనక భాగంలో బటన్ గానీ, టచ్ గానీ ఏమీ లేవు. లోపల కదలికను కొలిచే రెండు చిన్న సెన్సర్లు ఉంటాయి, యాక్సిలరోమీటర్, జైరోస్కోప్. స్క్రీన్ అడ్డం తిరగడానికి, అడుగులు లెక్కపెట్టడానికి వాడేది కూడా వీటినే. వేలితో వెనక తడితే ఫోన్ మొత్తానికి చిన్న, పదునైన కుదుపు వస్తుంది. అలాంటి కుదుపులు వెంటవెంటనే రెండు వచ్చాయా, లేక ఫోన్‌ను టేబుల్ మీద పెట్టారా, జేబులో వేసుకుని నడుస్తున్నారా అన్నది సాఫ్ట్‌వేర్ ఊహించాలి. బటన్ అయితే నొక్కారో లేదో ఖాయంగా తెలుస్తుంది. ఇక్కడ అంతా అంచనా. స్క్రీన్ ఆరిపోయి ఉన్నా రోజంతా ఇలా వింటూ కూర్చుంటే బ్యాటరీ ఖర్చు, అంతకంటే ముఖ్యంగా జేబులో ఉన్న ఫోన్ బండి గుంతలో పడ్డప్పుడల్లా టార్చి వెలగడం. అందుకే స్క్రీన్ వెలిగి ఉన్నప్పుడే పనిచేయాలన్న కట్టడి పెట్టారు.

యాపిల్ దీన్ని 2020లో ఐఓఎస్ 14తో ఇచ్చింది. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లలో ఉంటుంది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో 2021లో ఆండ్రాయిడ్ 12తో Quick Tap పేరుతో వచ్చింది. అనుకోకుండా తగిలినా పనిచేస్తోందని ఇబ్బంది పడేవాళ్ల కోసం అందులో Require stronger taps అని ఒక ఆప్షన్ కూడా పెట్టారు, దాన్నిబట్టే సమస్య అర్థమవుతుంది. సామ్‌సంగ్‌లో అయితే Good Lock యాప్ వేసి, అందులో RegiStar అనే భాగం తెచ్చుకోవాలి, అది కూడా అన్ని మోడళ్లకూ రాదు. షావొమి కొన్ని మోడళ్లలోనే ఇచ్చింది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు అసలు ఉండదు. బాపు ఫోన్‌లో మీకు కనిపించకపోవడానికి కారణం అదే, మీరు వెతకడంలో లోపం లేదు.

ఇప్పుడు పవర్ బటన్ సంగతి. ఫోన్ నిద్రపోతున్నా ఈ బటన్ మాట వింటుంది, లేకపోతే ఫోన్‌ను లేపడమే కుదరదు. స్క్రీన్ చూడక్కర్లేదు, లాక్ తీయక్కర్లేదు, చేయి తడిగా ఉన్నా, మట్టి అంటుకున్నా తేడా పడదు. రెండో చేతిలో కట్టె ఉన్నా ఒక్క బొటనవేలు చాలు. చీకట్లో పొలం గట్టు మీద నిలబడ్డ మనిషికి కావాల్సింది ఇదే.

రెండుసార్లు నొక్కితే కెమెరా రావడం 2015లో ఆండ్రాయిడ్ 6 రోజుల నుంచీ ఉంది. గూగుల్ ఇచ్చిన మూల ఆండ్రాయిడ్‌లో ఆ రెండు నొక్కుళ్ల మధ్య గడువు సెకనులో మూడో వంతు కూడా ఉండదు, 300 మిల్లీసెకన్లు. కంపెనీలు దీన్ని కొంచెం అటూఇటూ మార్చి ఉండొచ్చు గానీ లెక్క దాదాపు ఇంతే. అంటే టక్ టక్ అన్నట్టు ఉండాలి. టక్... టక్ అంటే కుదరదు. నెమ్మదిగా నొక్కితే ఏమవుతుందో చూడగానే తెలిసిపోతుంది. మొదటి నొక్కుకు స్క్రీన్ వెలుగుతుంది, రెండోదానికి ఆరిపోతుంది. "నొక్కితే ఏం అయితలేదు" అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది స్క్రీన్ ఇలా వెలిగి ఆరుతోందా అని. ఆరుతుంటే సెట్టింగ్ బాగానే ఉంది, వేలు నెమ్మదిగా ఉంది.

కెమెరాను టార్చిగా మార్చడం కుదురుతుందా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. మీరు ఏ ఫోనో రాయలేదు కాబట్టి మన దగ్గర ఎక్కువ కనిపించేవి చెప్తాను. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మెనూల పేర్లు మారిపోతుంటాయి. కాబట్టి Settings తెరిచి పైన ఉన్న వెతికే గడిలో torch అని ఒకసారి, power button అని ఒకసారి, gesture అని ఒకసారి టైప్ చేయండి. దారి గుర్తుపెట్టుకోవడం కంటే ఇదే తొందరగా అవుతుంది.

రెడ్‌మీ, పోకో అయితే Settings లో Additional settings, అందులో Gesture shortcuts. అక్కడ Launch camera, Turn on Torch అని విడివిడిగా ఉంటాయి. Turn on Torch లోకి వెళ్లి Double press the Power button ఎంచుకోవాలి. ఒక సైగకు ఒకటే పని కాబట్టి కెమెరాకు ఉన్నదాన్ని ముందే None చేసేయండి. రెండింటికీ అదే సైగ ఉందేమో అని తర్వాత మళ్లీ ఒకసారి చూడండి.

సామ్‌సంగ్ అయితే Advanced features లో Side button అని ఉంటుంది, పాత ఫోన్లలో Side key. అక్కడ Double press కు కెమెరా బదులు ఏదైనా యాప్ పెట్టుకునే వీలుంది. మీ మోడల్‌లో ఆ జాబితాలో Torch కనిపిస్తే పని అయిపోయినట్టే. కనిపించకపోతే లాక్ స్క్రీన్ మీద కింది మూలన టార్చి గుర్తు పెట్టుకోవడం రెండో మార్గం. దానికి ఒకసారి బటన్ నొక్కి స్క్రీన్ వెలిగించాలి, అంతే తేడా.

మోటరోలా అయితే మీ బాపు అదృష్టవంతుడు. ఈ పనికి నాకు అన్నిటికంటే నచ్చేది అందులోని సైగే. ఫోన్‌ను చేతిలో గట్టిగా పట్టుకుని, గొడ్డలితో కొమ్మ నరికినట్టు రెండుసార్లు కిందికి విదిలిస్తే టార్చి వెలుగుతుంది. మళ్లీ అలాగే విదిలిస్తే ఆరుతుంది. మణికట్టును తాళం తిప్పినట్టు రెండుసార్లు తిప్పితే కెమెరా వస్తుంది. స్క్రీన్ ఆరిపోయి ఉన్నా పనిచేస్తుంది, వెనక తట్టే పద్ధతికి దీనికి తేడా అక్కడే. చేతి విదిలింపు అంత పెద్ద కదలిక మామూలు నడకలో రాదు, కాబట్టి ఫోన్ పొరబడేది తక్కువ. Settings లోని Gestures లో గానీ, పాత మోడళ్లలో Moto యాప్‌లో గానీ Fast flashlight పేరుతో ఉంటుంది. ఒకే జాగ్రత్త: బాయి గట్టున నిలబడి విదిలించొద్దని చెప్పండి. పట్టు జారితే ఫోన్ నేరుగా నీళ్లలోకే. నా కౌంటర్‌కు అలాంటి ఫోన్ ఒకటి వచ్చింది.

రియల్‌మీ, ఒప్పో, వన్‌ప్లస్ ఫోన్లలో ఆరిపోయిన స్క్రీన్ మీద వేలితో V గీస్తే టార్చి, O గీస్తే కెమెరా వచ్చే సౌకర్యం చాలా మోడళ్లలో ఉంది. Screen-off gestures అని వెతకండి. కుర్రాళ్లకు బాగుంటుంది. బాపుకు మాత్రం వద్దు. తడి వేలికి, మట్టి వేలికి టచ్ సరిగ్గా అందదు. ఫ్లిప్ కవర్ తెరిచి, సరిగ్గా అద్దం మీద గీయాలి. పైగా చీకట్లో కనపడని స్క్రీన్ మీద V గీయడమంటే పలక లేకుండా అక్షరాభ్యాసం చేసినట్టే.

పిక్సెల్‌లో, ఇంకా పెద్దగా మార్పులు చేయని ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు నొక్కుళ్లను మామూలుగా టార్చికి మార్చలేరు.

ఇక మీ బాపును భయపెట్టిన 112 సంగతి. ఇది ఫోన్ పాడవడం కాదు. 2016లో కేంద్రం మొబైల్ ఫోన్లలో ప్యానిక్ బటన్ ఉండాలని నియమం తెచ్చింది. 2017 జనవరి నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లన్నిటికీ అది వర్తిస్తుంది. స్మార్ట్‌ఫోన్ అయితే పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కినా అత్యవసర కాల్ పోవాలన్నది అందులో ఒక పద్ధతి. ఆండ్రాయిడ్ 12 నుంచి గూగుల్ సొంతంగా ఇచ్చిన Emergency SOS లో అయితే ఐదుసార్లు. కాబట్టి కొన్ని ఫోన్లలో మూడు, కొన్నిట్లో ఐదు. ఇది ఆండ్రాయిడ్‌కే కాదు, మన దేశంలో మీ ఐఫోన్ పక్క బటన్‌ను వరసగా మూడుసార్లు నొక్కినా అత్యవసర కాల్‌కే పోతుంది. ఇంట్లో సరదాగా ప్రయత్నించకండి.

బాపుకు ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. రెండుసార్లు నొక్కాడు, కెమెరా వచ్చింది, వెలుగు రాలేదు. మళ్లీ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. తొందరలో ఆ నొక్కుళ్లన్నీ కలిసిపోయాయి. అంటే భయం పోవడానికి మందు కూడా ఇక్కడే ఉంది. రెండు నొక్కుళ్లకు టార్చి వెలిగితే మూడో నొక్కు అవసరమే రాదు. వెలగకపోతే ఏం చేయాలో మాత్రం ముందే చెప్పి పెట్టండి: వేలు తీసి, మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుని, అప్పుడు మళ్లీ టక్ టక్. ఆ కాస్త విరామంతో ఫోన్ పాత లెక్క మరిచిపోతుంది.

చాలామంది వచ్చి "ఆ 112 తీసేయండి" అంటారు. రాత్రి ఒంటరిగా బాయికాడికి పోయే మనిషి ఫోన్‌లో అది తీసేయడానికి నాకు చేయి రాదు. పాము కరిచినా, స్టార్టర్ దగ్గర షాక్ కొట్టినా, కాలు జారినా అక్కరకొచ్చేది అదే. Settings లో SOS అని వెతికితే Emergency SOS పేజీ వస్తుంది. కాల్ పోయే ముందు కౌంట్‌డౌన్, అలారం మోత పెట్టుకునే వీలు చాలా ఫోన్లలో అక్కడే ఉంటుంది. ఆ మోత ఆన్ చేసి ఉంచండి. పొరపాటున నొక్కినా జేబులో ఫోన్ కూత పెడుతుంది, కాల్ పోకముందే ఆపొచ్చు. ఒకవేళ కాల్ కలిసిపోతే గాభరాగా కట్ చేయొద్దని చెప్పండి. "పొరపాటున పోయింది సార్, అంతా బాగానే ఉన్నం" అని చెప్పి పెట్టేస్తే సరిపోతుంది. మాట లేకుండా కట్ అయితే అవతలివాళ్లు ఏదో జరిగిందేమో అనుకుని తిరిగి చేస్తారు.

మా మేనమామకు పెట్టినప్పుడు జరిగింది కూడా చెప్తాను, మీకు ఒక వారం కలిసొస్తుంది. ఆయనది గీసుగొండ వైపు, మిర్చి తోట. ఫోన్ ఎప్పుడూ చొక్కా ఎడమ జేబులో, దానికి నల్ల ఫ్లిప్ కవర్, అందులో ఆధార్ కార్డు, రెండు వంద నోట్లు. సెట్టింగ్ మార్చడం ఒక్క నిమిషం పని. తర్వాత కూర్చోబెట్టి పదిసార్లు వెలిగించమన్నాను. పదిలో నాలుగుసార్లే వెలిగింది. మొదట బటన్ పాతదైందేమో అనుకుని నేను నొక్కి చూశాను, పదికి పది వెలిగింది. అప్పుడు ఆయన వేలు జాగ్రత్తగా గమనించాను. మామ ఆ బటన్‌ను స్టార్టర్ డబ్బా మీది పచ్చ బటన్ నొక్కినట్టు నొక్కుతున్నాడు. గట్టిగా లోపలికి దించి, మోటర్ అందుకునేదాకా ఒత్తి పట్టినట్టు. ముప్పై ఏళ్ల అలవాటు మరి. అలా ఒత్తి పట్టుకుంటే ఫోన్ దాన్ని పొడుగు నొక్కు అనుకుంటుంది. పవర్ ఆఫ్ మెనూనో, గూగుల్ అసిస్టెంటో వచ్చేస్తుంది. కాసేపు ఏవేవో పోలికలు చెప్పి చూశాను, కుదరలేదు. చివరికి అత్తమ్మే "తలుపు మీద రెండుసార్లు కొట్టినట్టు కొట్టు" అంది. అంతే, వెంటనే పట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, ఫోన్ జేబులోంచి తీస్తూ పదికి తొమ్మిది వచ్చాక వదిలేశాను.

వారం తిరక్కముందే ఫోన్ చేశాడు, "పొద్దున లేచేసరికి చార్జింగ్ అంతా అయిపోయింది, ఫోన్ కాలుతోంది" అని. రాత్రి వచ్చి చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు, జేబులో టార్చి వెలుగుతూనే ఉంది. నల్ల కవర్ లోపల ఉండటంతో ఎవరికీ కనిపించలేదు. బాయికాడి నుంచి వచ్చి స్క్రీన్ ఆరిందని చూసుకున్నాడు. స్క్రీన్ ఆరితే టార్చి ఆరినట్టు కాదన్నది ఆయనకు తెలియదు. ఈ మాట మీ బాపుకు ప్రత్యేకంగా చెప్పండి: వెలిగించడానికి ఎట్లనో ఆర్పడానికీ అట్లనే, టక్ టక్. ఒక్కసారి నొక్కితే స్క్రీనే ఆరుతుంది.

అయితే ఆర్పాక కూడా రెండుసార్లు జేబులో దానంతట అదే వెలిగిందట. చూస్తే అదే జేబులో స్టార్టర్ డబ్బా తాళంచెవులు ఉన్నాయి. ఫోన్ బటన్ ఉన్న వైపు కిందికి తిరిగి వాటి మీద కూర్చుంటోంది, వంగినప్పుడల్లా నొక్కుకుంటోంది. తాళంచెవులు కుడి జేబులోకి మార్పించాను, ఫ్లిప్ కవర్ తీసి బటన్ చుట్టూ అంచు కాస్త ఎత్తుగా ఉండే మామూలు రబ్బరు కవర్ వేశాను. బటన్ మీదే కప్పేసే మెత్తటి కవర్లు మాత్రం తీసుకోకండి, నొక్కు లోపలికి సరిగ్గా అందక టక్ టక్ కాస్తా ఒక్క టక్ అవుతుంది. ఆ తర్వాత రెండు సీజన్లు గడిచాయి, మామ నుంచి ఈ విషయంలో మళ్లీ ఫోన్ రాలేదు.

కెమెరా షార్ట్‌కట్ పోతుందే అని మీరు అనుకోవచ్చు. బాపు ఫొటో తీసేది చేనుకు తెగులు వస్తే మందుల షాపులో చూపించడానికి. దానికి రెండు సెకన్లు ఆలస్యమైతే పోయేదేమీ లేదు. లాక్ స్క్రీన్ మీద కెమెరా గుర్తు ఎలాగూ ఉంటుంది, అక్కడి నుంచి పక్కకు లాగితే లాక్ తీయకుండానే తెరుచుకుంటుంది. అలా తెరిచినప్పుడు అప్పుడు తీసిన ఫొటోలే కనిపిస్తాయి, పాతవి చూడాలంటే లాక్ అడుగుతుంది. కాబట్టి ఎవరి చేతికి ఇచ్చినా టెన్షన్ అక్కర్లేదు.

అన్నీ సరిగ్గా ఉన్నా టార్చి వెలగని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఎక్కువగా వచ్చేది కెమెరా తెరిచి ఉండటం. ఫ్లాష్ బల్బు కెమెరాదే కాబట్టి ఆ యాప్ పట్టుకుని ఉన్నంతసేపు షార్ట్‌కట్‌కు అది దొరకదు. యూపీఐలో క్యూఆర్ స్కాన్ చేస్తున్నప్పుడు కూడా అంతే, అక్కడ వెలుగు కావాలంటే ఆ స్కానర్‌లోనే ఉండే టార్చి గుర్తు నొక్కాలి. బ్యాటరీ బాగా అడుగంటినా, ఎండలో ఫోన్ బాగా వేడెక్కినా కొన్ని ఫోన్లు ఫ్లాష్‌ను ఆపేస్తాయి. ఈ మూడూ కాకుండా, పైనుంచి కిందికి లాగి టార్చి గుర్తు నొక్కినా వెలగకపోతే అప్పుడు బల్బు సంగతి చూడాలి.

బాపు ఫోన్‌లో టార్చి ఆప్షన్ ఏ రూపంలోనూ లేదని తేలితే ఎవరో ఒకరు మీకు Tap, Tap అనే యాప్ వేసుకోమని సలహా ఇస్తారు. పిక్సెల్‌లో ఉన్న వెనక తట్టే పద్ధతిని వేరే ఆండ్రాయిడ్ ఫోన్లకు తెచ్చిన యాప్ అది, మంచి యాపే. నేను కూడా ఒక పాత ఫోన్‌లో వాడాను. కానీ దానికి Accessibility అనుమతి ఇవ్వాలి. అది ఇస్తే స్క్రీన్ మీద ఏముందో ఆ యాప్ చదవగలదు, మన తరఫున నొక్కగలదు కూడా. అలాంటి అనుమతి ఆన్‌లో కనిపిస్తే తెరుచుకోని బ్యాంకు యాప్‌లు ఉన్నాయి. మోసగాళ్ల యాప్‌లు అడిగేది కూడా ఆ అనుమతే కాబట్టి బ్యాంకుల భయంలో అర్థం ఉంది. బయటి నుంచి తెచ్చి వేసిన యాప్‌కు ఆ అనుమతి ఇవ్వబోతే ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోనే Restricted setting అని అడ్డుపడుతుంది. పింఛన్, పంట డబ్బులు అదే ఫోన్‌లో చూసుకునే మనిషికి టార్చి కోసం ఆ తలుపు తెరవడం నేను ఒప్పుకోను. మీరు తెలిసి మీ ఫోన్‌లో చేసుకుంటే అది వేరే సంగతి. ప్లేస్టోర్‌లో "పవర్ బటన్ టార్చి" అంటూ వచ్చే ఊరూపేరూ లేని యాప్‌లకు కూడా ఇదే మాట.

మీ ఐఫోన్‌లో ఒక చిన్న మార్పు చేసుకోండి. Settings, Accessibility, Touch, అడుగున Back Tap. అక్కడ టార్చిని Double Tap నుంచి తీసి Triple Tap లో పెట్టండి. రెండు తట్లు టేబుల్ మీద ఫోన్ పెట్టేటప్పుడు, కారు డ్యాష్‌బోర్డు మీద పడేసేటప్పుడు దానంతట అవే వచ్చేస్తాయి, మూడు అంత తేలిగ్గా రావు. Double Tap లో స్క్రీన్‌షాట్ లాంటిది పెట్టుకోండి, పొరపాటున పడినా నష్టం లేదు. ఐఫోన్ 11 లాక్ స్క్రీన్ మీద ఎడమ మూలన టార్చి గుర్తు ఎలాగూ ఉంది, కాస్త ఒత్తి పట్టుకుంటే వెలుగుతుంది.

ఇంకొకటి. షార్ట్‌కట్ ఎంత బాగా కుదిరినా ఫోన్ వెలుగు దగ్గరగా, వెడల్పుగా పరుచుకునేది. దూరంగా గట్టు మీద ఏముందో దానికి సరిగ్గా అందదు. బాయికాడి దాకా నడవడానికి చేతి బ్యాటరీ లైటే ఇవ్వండి. ఫోన్ టార్చి ఆ లైటు చార్జింగ్ అయిపోయిన రాత్రికి, స్టార్టర్ డబ్బాలో ఫ్యూజు చూసుకునే ఆ రెండు నిమిషాలకు.

బాపు ఫోన్ Settings లో About phone తెరిచి మోడల్ పేరు, ఆండ్రాయిడ్ వెర్షన్ రెండూ కింద రాయండి. అందులో టార్చికి దారి ఉందో లేదో, ఉంటే ఏ మెనూలో ఉందో చూసి చెప్తాను.